ఏ లోనూ తీసుకోలేదు, మరి సిబిల్ స్కోరు ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మార్చిలో నా సిబిల్ స్కోరు 782. ఏప్రిల్‌లో కారు కొందామని షోరూంలో ఒక్క అప్లికేషన్ ఇచ్చాను. తర్వాత ఫోన్లో ఒక లోన్ యాప్‌లో ఎంత వస్తుందో చూశాను. చివరికి కారూ కొనలేదు, లోనూ తీసుకోలేదు. మే నెలలో చూస్తే స్కోరు 741. ఇంతవరకు ఒక్క ఈఎంఐ కూడా ఆలస్యం చేయలేదు. స్కోరు కింద నాలుగు కారణాలు రాశారు: కార్డు బాకీ ఎక్కువ, ఈ మధ్య ఎంక్వయిరీలు ఎక్కువ, ఖాతాల వయసు తక్కువ, సెక్యూర్డ్ లోన్లు తక్కువ. ఎంక్వయిరీలు ఏడు ఉన్నాయి, అందులో ఒక కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు. సెప్టెంబరులో మా వారితో కలిసి 40 లక్షల ఇంటి లోనుకు వెళ్దామనుకుంటున్నాం. ఇప్పుడు వెళ్లవచ్చా? రెండు నెలల రిపోర్టులూ జతచేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. అవి రెండూ ఒకే సంస్థవి కావడం మంచిదైంది. మన దేశంలో సిబిల్‌తో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే మరో మూడు రుణ సమాచార సంస్థలు ఉన్నాయి. ఎవరి లెక్క వారిదే కాబట్టి ఒక యాప్‌లో కనిపించిన ఒకరి స్కోరును, మరో యాప్‌లో కనిపించిన ఇంకొకరి స్కోరుతో పోల్చుకుని తగ్గిపోయిందని కంగారుపడేవారు చాలామంది ఉంటారు. మీ విషయంలో ఆ పొరపాటు లేదు. తగ్గుదల నిజమే, దానికి కారణాలు కూడా రిపోర్టులోనే కనిపిస్తున్నాయి.

ముందుగా ఆ అంకె సంగతి చూద్దాం. సిబిల్ స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. మీ నిజాయితీనో, మీ ఆస్తిపాస్తులనో, మీ జీతాన్నో అది కొలవదు. బ్యాంకులో మీకున్న డిపాజిట్లు, మీ పేరున ఉన్న స్థలం ఆ లెక్కలోకే రావు. గతంలో మీలాంటి రుణ చరిత్ర ఉన్నవారిలో ఎంతమంది తర్వాతి ఏడాది కాలంలో మూడు నెలలకు మించి వాయిదాలు ఎగవేశారో చూసి, ఆ అనుభవాన్ని బట్టి మీరు అలా చేసే అవకాశం ఎంత ఉందో వేసిన అంచనా మాత్రమే అది. అంకె పెరిగే కొద్దీ ఆ అవకాశం తక్కువని అర్థం. ఈ అంచనాను ఎవరైనా అడిగిన ప్రతిసారీ సిబిల్, ఆ రోజు రిపోర్టులో ఉన్న వివరాల ఆధారంగా మళ్లీ మొదటి నుంచి వేస్తుంది. అంటే మీకు ఎక్కడో ఒక జరిమానా పడి, అది శాశ్వతంగా ఖాతాలో నిలిచిపోయిందని అనుకోనక్కరలేదు. రిపోర్టులోని వివరాలు మారితే అంకె కూడా మారుతుంది.

స్కోరు కింద ఉన్న నాలుగు కారణాలను చాలామంది ఆరోపణల జాబితాగా చదువుతారు. అవి చెప్పేది వేరు: మీ స్కోరు ఇంతకన్నా పైన లేకపోవడానికి ఎక్కువగా కారణమైన అంశాలు ఇవి అని మాత్రమే. స్కోరు 800 దాటినవారి రిపోర్టులోనూ ఇలాంటి కారణాలు కనిపించవచ్చు, ఎందుకంటే 900కూ వారి అంకెకూ మధ్య తేడాకు ఏవో కారణాలు ఉండాలి గదా. కాబట్టి ఆ జాబితాను ఒక్క నెలది చదివితే పెద్దగా ప్రయోజనం ఉండదు. రెండు నెలలవి పోల్చి, కొత్తగా ఏది చేరిందో చూడాలి. మీ మార్చి రిపోర్టులో ఖాతాల వయసు, తాకట్టు పెట్టి తీసుకునే సెక్యూర్డ్ లోన్ల కొరత అనే రెండూ అప్పటికే ఉన్నాయి, అయినా మీకు 782 వచ్చింది. మేలో కొత్తగా వచ్చినవి కార్డు బాకీ, ఎంక్వయిరీలు. 41 పాయింట్ల తగ్గుదలకు జవాబు ఈ రెండింటిలో వెతకాలి.

మీరు ఎంక్వయిరీల గురించే ప్రధానంగా రాశారు కానీ, మీ రిపోర్టులో నన్ను ఎక్కువగా ఆపింది కార్డు. మీ కార్డు పరిమితి 1,20,000 రూపాయలు. మార్చి రిపోర్టులో దాని మీద బాకీ 14,000, అంటే పరిమితిలో సుమారు 12 శాతం. మే రిపోర్టులో అదే కార్డు మీద 91,000 ఉంది, అంటే 76 శాతం. కిందనున్న చెల్లింపుల వరుసలో ప్రతి నెలా 000 అనే ఉంది కాబట్టి మీరు ఎన్నడూ గడువు దాటలేదు, ఆ 91,000 కూడా బహుశా గడువు తేదీకి పూర్తిగా కట్టేసి ఉంటారు. అయినా స్కోరు దృష్టిలో అది బాకీయే. బ్యాంకు ఒక తేదీన మీ ఖాతాలో ఎంత ఉందో చూసి రుణ సమాచార సంస్థకు పంపుతుంది. ఆ తర్వాత వారం రోజులకు మీరు మొత్తం కట్టినా, రిపోర్టులో నిలిచేది పంపిన నాటి మొత్తమే. వడ్డీ పడకుండా గడువులోగా కట్టడం వేరు, రిపోర్టులో బాకీ తక్కువగా కనబడటం వేరు. కార్డును ఎంతో క్రమశిక్షణతో వాడేవారు కూడా ఈ తేడా తెలియక పెద్ద ఖర్చు పెట్టిన నెలలోనే కొత్త లోనుకు వెళుతుంటారు.

ఇక ఎంక్వయిరీలు. మీరు ఎవరికైనా రుణం కోసం దరఖాస్తు చేసినప్పుడు, ఆ సంస్థ మీ పాన్ నంబరుతో మీ రిపోర్టును తెప్పించుకుంటుంది. ఆ తెప్పించుకున్న సంగతే సంస్థ పేరు, తేదీ, ఏ రకం లోను, ఎంత మొత్తం అనే నాలుగు వివరాలతో Enquiry Information అనే భాగంలో నమోదవుతుంది. మీ రిపోర్టును మీరే చూసుకుంటే అది ఈ లెక్కలోకి రాదు, ఎన్నిసార్లు చూసుకున్నా స్కోరు తగ్గదు. మీ సొంత బ్యాంకు తన ఖాతాదారులను సమీక్షించుకుంటూ చూసినదీ ఇందులోకి రాదు. తగ్గించేది మీరు అప్పు అడిగినందువల్ల జరిగిన విచారణ మాత్రమే.

మీరు ఒక్క అప్లికేషన్ ఇచ్చానంటున్నారు, రిపోర్టులో కారు లోను పేరిట నాలుగు ఉన్నాయి. రెండూ నిజమే. ఏప్రిల్ 6, 7 తేదీల్లో నాలుగు వేర్వేరు సంస్థలు ఒక్కొక్కటి 9 లక్షల కారు లోను కోసం మీ రిపోర్టు తీశాయి. షోరూంలో ఫైనాన్స్ డెస్క్ దగ్గర కూర్చునే వ్యక్తి మీ ఫారం, పాన్ కార్డు నకలు తీసుకుని, ఎవరు త్వరగా మంజూరు చేస్తారో, ఎవరి దగ్గర షోరూంకు కమీషన్ బాగుంటుందో చూసుకునేందుకు తనకు పొత్తున్న సంస్థలన్నింటికీ పంపుతాడు. మీరు సంతకం పెట్టిన ఫారంలో, సన్నని అక్షరాల్లో, అందుకు మీ అనుమతి ఉంటుంది. ఏప్రిల్ 14న పర్సనల్ లోను పేరిట 2 లక్షల చొప్పున ఉన్న రెండు ఎంక్వయిరీలు యాప్‌వి. "మీకు ఎంత వస్తుందో చూసుకోండి" అనే మీట నొక్కే ముందు కింద ఒక చిన్న గడిలో టిక్కు పెట్టి ఉంటారు. కొన్ని యాప్‌లు ఆ దశలో మీ స్కోరును మీ తరఫున తీసి చూపిస్తాయి, దానివల్ల నష్టం లేదు. కొన్ని నేరుగా దరఖాస్తుగా మార్చి రుణ సంస్థలకు పంపేస్తాయి. మీది రెండో రకం.

ఇంతకీ అడిగినంత మాత్రాన ఎందుకు తగ్గాలి? ఇందులో న్యాయం ఎక్కడుందన్న మీ కోపం సహజమే, కానీ లెక్క వెనుక కారణం లేకపోలేదు. ఊళ్లో ఒకరి దగ్గర చేబదులు అడిగిన మనిషి అదే వారం మరో నలుగురి గుమ్మాలు తొక్కాడని తెలిస్తే, ఇచ్చేవాడు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాడు. బ్యాంకు ఆగడానికి దీనికి తోడు మరో కారణం ఉంది. రుణ సంస్థలు కొత్త ఖాతాల వివరాలను వెంటనే పంపవు. 2025 జనవరి 1 నుంచి కనీసం పక్షానికోసారి పంపాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది, అంతకుముందు నెలకోసారి పంపేవారు. అంటే ఒక మనిషి పది రోజుల క్రితం వేరేచోట లోను తీసుకుని ఉంటే, ఆ లోను ఈ రోజు రిపోర్టులో కనిపించకపోవచ్చు. ఎంక్వయిరీ మాత్రం రిపోర్టు తీసిన క్షణమే నమోదవుతుంది. కాబట్టి, ఇంకా రిపోర్టుకెక్కని కొత్త అప్పు ఏదైనా ఉందేమో పసిగట్టడానికి ఎదుటివారి దగ్గర ఉండే ఆధారం ఈ ఎంక్వయిరీల జాబితా ఒక్కటే. రెండు వారాల్లో ఏడు ఎంక్వయిరీలున్న మనిషి ఏడు చోట్లా అప్పు తీసుకున్నాడో, ఒక్కచోటా తీసుకోలేదో ఆ రోజుకు తెలియదు. తెలియనప్పుడు లెక్క జాగ్రత్త వైపే మొగ్గుతుంది.

రోజులు గడిచిన తర్వాత మరో చిక్కు వస్తుంది. రిపోర్టులో ఫలానా సంస్థ లోను ఇవ్వడానికి నిరాకరించిందని ఎక్కడా రాయరు, మీరే వద్దనుకున్నారని కూడా రాయరు. ఎంక్వయిరీ ఉండి, దాని వెంట కొత్త ఖాతా లేకపోతే, చదివే అధికారి తనకు తోచినట్టు ఊహించుకుంటాడు. మీరు కారు వద్దనుకున్నారు, కానీ ఆయనకు నాలుగు సంస్థలు తిరస్కరించినట్టు అనిపించవచ్చు. ఇందులో కారు లోను ఎంక్వయిరీల కన్నా ఆ రెండు పర్సనల్ లోను ఎంక్వయిరీలే ఎక్కువ అనుమానం రేపుతాయి. తాకట్టు లేని అప్పు కోసం, అదీ యాప్‌ల ద్వారా వెతికారంటే చేతిలో డబ్బుకు ఇబ్బందిగా ఉందేమో అనుకోవడం రుణాలిచ్చేవారికి అలవాటు.

ఆ 41లో ఎంక్వయిరీల వాటా ఎంత, కార్డు వాటా ఎంత అని విడదీసి చెప్పడం సాధ్యం కాదు, ఎందుకంటే సిబిల్ తన లెక్క సూత్రాన్ని బయటపెట్టదు. ఇన్ని పాయింట్లని కచ్చితంగా చెప్పేవారిని నమ్మకండి. అమెరికాలో ఉన్న బంధువులెవరైనా, పద్నాలుగు రోజుల్లోనో నలభై అయిదు రోజుల్లోనో జరిగిన కారు లోను ఎంక్వయిరీలన్నీ ఒక్కటిగానే లెక్కిస్తారని మీకు చెప్పవచ్చు. అది అక్కడి ఫికో స్కోరు నియమం. ఒక్కో ఎంక్వయిరీకి సాధారణంగా ఐదు పాయింట్ల లోపే తగ్గుతుందనే మాట కూడా ఫికో తన స్కోరు గురించి చెప్పినదే. ఆ హామీలను ఇక్కడి స్కోరుకు అన్వయించుకుని ధైర్యంగా పది చోట్ల ఫారాలు నింపకూడదు. నా అంచనా అడిగితే, మీ తగ్గుదలలో పెద్ద భాగం కార్డుదే. ఆ అంచనాను త్వరలో మీరే పరీక్షించుకోవచ్చు: కార్డు బాకీ దిగిన తర్వాత వచ్చే రిపోర్టులో ఎంక్వయిరీలు ఏడూ అలాగే ఉంటాయి కాబట్టి, అప్పుడు పెరిగిన మేరకు అది కార్డు వాటా అనుకోవచ్చు.

మిగిలిన రెండు కారణాల కోసం మీరు చేయవలసింది ఏమీ లేదు. ఖాతాల వయసు కాలంతో పాటు పెరుగుతుంది; మీ పాత కార్డును మాత్రం వాడటం లేదని మూసేయకండి. సెక్యూర్డ్ లోను లేదన్న కారణం చూసి, స్కోరు కోసమని నగలు పెట్టి గోల్డ్ లోను తీసుకోమనే సలహా కొందరు ఇస్తుంటారు. అవసరం లేని అప్పుకు వడ్డీ కట్టడం, పైగా మరో ఎంక్వయిరీ తెచ్చుకోవడం తప్ప దానివల్ల ఇప్పటికిప్పుడు ఒరిగేదేమీ ఉండదు.

సెప్టెంబరు వరకు మీకు వ్యవధి ఉంది, దాన్ని వాడుకోండి. కార్డు స్టేట్‌మెంట్ తయారయ్యే తేదీకి నాలుగైదు రోజుల ముందే, బిల్లు వచ్చేదాకా ఆగకుండా, ఖర్చయిన మొత్తంలో ఎక్కువ భాగం కట్టేయండి. బాకీ 30 శాతం దాటకూడదని అందరూ చెప్పే మాట చట్టమేమీ కాదు, ఒక అందాజు మాత్రమే. మీరు మళ్లీ మార్చి నాటి 12 శాతం దగ్గరికి తెచ్చుకోగలిగితే మరీ మంచిది. ఇలా రెండు నెలలు చేసి, ఆగస్టులో మీ రిపోర్టును మీరే తీసి చూడండి. నాలుగు సంస్థల్లో ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టును స్కోరుతో సహా ఉచితంగా ఇవ్వాలి. ఈలోగా కొత్త కార్డు గానీ, దుకాణంలో సున్నా వడ్డీ వాయిదాల మీద ఫ్రిజ్ గానీ వద్దు. అవి కూడా ఎంక్వయిరీలే. ఎంక్వయిరీల బరువు నెలలు గడిచే కొద్దీ దానంతట అదే తగ్గుతుంది, దాన్ని తొందరపెట్టే మార్గం లేదు. మీరు నిజంగా చేసిన దరఖాస్తు తాలూకు ఎంక్వయిరీని డబ్బు తీసుకుని తొలగిస్తామనేవారు మీకు ఫోన్ చేస్తే పెట్టేయండి.

ఇంత శ్రమ అవసరమా అంటే, మీ విషయంలో అవసరమే. స్టేట్ బ్యాంకుతో సహా కొన్ని బ్యాంకులు ఇంటి లోను వడ్డీని స్కోరు శ్రేణులతో ముడిపెట్టాయి, అందులో 750 సాధారణంగా ఒక గీత. 741తో లోను సాధారణంగా వస్తుంది, కానీ గీతకు కిందనున్న రేటు పడుతుంది. ఉదాహరణకు ఆ తేడా 0.10 శాతమే అనుకుందాం. 40 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతమైతే నెలవాయిదా సుమారు 34,710 రూపాయలు, 8.6 శాతమైతే సుమారు 34,970. నెలకు 250 రూపాయల పైచిలుకు, ఇరవై ఏళ్లకు 60 వేలు. ఇల్లు చేజారిపోయేంత తేడా కాదు. అందువల్ల మీరు చూసుకున్న ఇంటి అమ్మకందారు తొందరపెడుతుంటే ఈ తొమ్మిది పాయింట్ల కోసం ఇల్లు వదులుకోకండి. తొందర లేకపోతే మాత్రం రెండు నెలలు ఆగడం లాభం.

బ్యాంకుకు వెళ్లినప్పుడు మొదటిరోజే పాన్ నంబరు ఇవ్వకండి. ఇద్దరి జీతం స్లిప్పులు చూపించి, ఏ స్కోరుకు ఎంత వడ్డీ, ఎంత మొత్తం అర్హత, ప్రాసెసింగ్ ఫీజు ఎంత అని నోటిమాటగా తెలుసుకోవచ్చు. ఇందుకు మీ రిపోర్టు తీయనక్కరలేదు. "ఇంకా దరఖాస్తు చేయడం లేదండీ, ఇప్పుడే సిబిల్ తీయకండి" అని స్పష్టంగా చెప్పండి. నాలుగైదు చోట్ల ఇలా విచారించి, దరఖాస్తు మాత్రం ఒకచోట, మహా అయితే రెండుచోట్ల ఇవ్వండి. ఇల్లు అమ్మే బిల్డరు మనిషి "పేపర్లు నాకివ్వండి, నేను అన్ని బ్యాంకుల్లో చూస్తాను" అంటే అది షోరూం కథే మళ్లీ మొదలవుతుంది. దరఖాస్తుతో పాటు ఏప్రిల్ ఎంక్వయిరీల గురించి నాలుగు వాక్యాల లేఖ జతచేయండి: కారు కోసం షోరూం ద్వారా అడిగాను, యాప్‌లో విచారించాను, దేనిమీదా రుణం తీసుకోలేదు, ప్రస్తుతం నా పేరున ఉన్న అప్పులు ఇవి అని. చాలా బ్యాంకులు ఇలాంటి వివరణను అవే అడుగుతాయి, అడగకముందే ఇస్తే ఫైలు కదులుతుంది. మీవారు సహ దరఖాస్తుదారు కాబట్టి ఆయన రిపోర్టూ తీస్తారు. ఆయన ఎవరికైనా హామీ సంతకం పెట్టి ఉంటే ఆ లోను కూడా ఆయన రిపోర్టులో కనిపిస్తుంది, దాని వాయిదాలు తప్పితే ఆయనకూ దెబ్బే. ఆగస్టులో ఇద్దరివీ కలిపి చూసుకోండి.

మీరు వినని ఆ ఏడో పేరు విషయానికి వస్తే, ఏప్రిల్ 21న 30,000 రూపాయల కన్స్యూమర్ లోను అని ఉంది. మోసమని అప్పుడే అనుకోవద్దు. యాప్‌కు ఒక పేరు ఉంటుంది, వెనుక అప్పిచ్చే ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని రుణ సంస్థ, పేరు వేరే ఉంటుంది. రిపోర్టులో వచ్చేది ఆ రెండోదే. ఆ వారంలో ఏదైనా షాపింగ్ యాప్‌లో "ఇప్పుడు కొని తర్వాత కట్టండి" అనే పరిమితి కోసం వివరాలు ఇచ్చారేమో గుర్తుచేసుకోండి. అప్పుల యాప్‌లు తమ భాగస్వామి రుణ సంస్థల పేర్లను బయటపెట్టాలన్న నిబంధన ఉంది కాబట్టి, ఆ యాప్‌లోనో దాని వెబ్‌సైట్లోనో ఈ పేరు ఉందేమో చూడండి. మీ రిపోర్టును ఎవరైనా రుణ సంస్థ తీసినప్పుడు మీకు ఎస్ఎంఎస్ గానీ ఈమెయిల్ గానీ రావాలి, కనుక ఆ తేదీ చుట్టూ వచ్చిన మెసేజులు వెతికినా ఆచూకీ దొరకవచ్చు.

ఎంత వెతికినా సంబంధం కనబడకపోతే, సిబిల్ వెబ్‌సైట్లో లాగిన్ అయి ఆ ఒక్క ఎంక్వయిరీ మీద వివాదం నమోదు చేయండి, అదే రోజు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి కూడా రాసి నకలు దాచుకోండి. సిబిల్ తనంతట తాను దాన్ని తీసేయదు. సంస్థను అడిగి, అది ఒప్పుకున్నాకే సరిచేస్తుంది. ఫిర్యాదు అందిన 30 రోజుల్లోగా పరిష్కారం కాకపోతే, ఆపై ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది, అది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పరిష్కార అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి రుసుము లేదు. సెప్టెంబరులోగా ఇది తేలాలంటే వివాదాన్ని ఈ వారంలోనే వేయండి. ఆ పేరిట ఎంక్వయిరీ మాత్రమే కాక, ఖాతాల భాగంలో మీరు తీసుకోని లోను కూడా తర్వాతి రిపోర్టులో ప్రత్యక్షమైతే, అప్పుడది స్కోరు సమస్య కాదు. మీ పాన్‌ను ఎవరో వాడినట్టు. ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి సైబర్ నేరం కింద నమోదు చేయించి, ఆ ఫిర్యాదు నంబరును మీ వివాదానికి జతపరచండి.